వాలు, లోతు, కోత, మురుగు: ఒక వ్యవసాయ క్షేత్రానికి భూసామర్థ్య తరగతులను నిర్ణయించే విధానం

ఒక రైతు క్షేత్రంలో ఏ భాగాన్ని ఏటా దున్నవచ్చు, ఏ భాగాన్ని అప్పుడప్పుడు మాత్రమే దున్నాలి, ఏ భాగాన్ని నాగలికి దూరంగా ఉంచాలి అన్న ప్రశ్నకు క్రమబద్ధమైన సమాధానమిచ్చేది భూసామర్థ్య వర్గీకరణ. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన క్లింజెబీల్, మాంట్‌గోమరీలు 1961లో ప్రకటించిన కరదీపిక ద్వారా ఈ పద్ధతి ప్రస్తుత రూపాన్ని పొందింది. మన దేశంలోని నేల సర్వే సంస్థలు దీనిని స్థానిక పరిస్థితులకు అనువుగా మార్చుకొని వాడుతున్నాయి. ఇందులో భూములను ఎనిమిది తరగతులుగా విభజిస్తారు. మొదటి నాలుగు తరగతుల భూములు సాగుకు పనికివస్తాయి. తరగతి సంఖ్య పెరిగినకొద్దీ పరిమితులు, వాటితోపాటు రక్షణ చర్యల అవసరం పెరుగుతాయి. ఐదు నుండి ఎనిమిది వరకు గల తరగతులు గడ్డికి, చెట్లకు, వన్యప్రాణులకు, నీటి పరీవాహకానికి కేటాయించదగినవి.

ఈ వర్గీకరణను పరీక్షలో వ్రాయడం సులభమే గాని, పొలంలో నిలబడి ఒక గీత గీసి "ఇక్కడితో మూడవ తరగతి ముగిసింది, ఇక్కడ నుండి నాలుగవ తరగతి" అని నిర్ణయించడం అంత సులభం కాదు. దక్షిణ తెలంగాణలో గుట్ట పాదం నుండి కుంట వరకు దిగే ఎర్ర చల్కా నేలల్లోని ఇరవై ఎకరాల క్షేత్రాన్ని ఉదాహరణగా తీసుకొని, ఆ నిర్ణయం జరిగే తీరును ఈ వ్యాసంలో వివరిస్తున్నాము. మాతృశిల గ్రానైటు, నైస్. సాలుసరి వర్షపాతం సుమారు 700 మి.మీ. క్షేత్రం పద్ధతిని వివరించడానికి కూర్చినది. అయితే ఇటువంటి గుట్ట, చల్కా, కుంటల వరుస ఆ ప్రాంతపు గ్రామాలలో సర్వసాధారణం.

క్షేత్ర యజమానికి రెండు ఆలోచనలు ఉన్నాయి. గుట్టకు దిగువన ఎర్రగా, చదునుగా దున్ని ఉన్న ఐదు ఎకరాలలో మామిడి తోట వేయాలన్నది ఒకటి. కుంట పక్కనున్న మూడు ఎకరాల లోతైన నేలలో వరి మాని పత్తి వేయాలన్నది రెండవది. ఈ రెండింటికీ పెట్టుబడి పెట్టకముందే సమాధానం కావాలి.

ముందుగా ఒకే పట్టికను ఎంచుకోవడం

సర్వే ప్రారంభించేముందే ఏ హద్దులను అనుసరించాలో నిర్ణయించుకోవాలి. వివిధ కరదీపికలలో వాలు, కోతల హద్దులు కొద్దిగా మారుతుంటాయి. మధ్యలో పట్టికను మార్చితే ఒకే క్షేత్రంలోని రెండు ఖండాలను పోల్చడానికి వీలుండదు. ఈ వ్యాసంలో ఎర్ర నేలలకు వాడిన హద్దులు ఇవి.

| తరగతి | వాలు (శాతం) | నేల లోతు (సెం.మీ.) | నేలకోత | మురుగు పారుదల |
|---|---|---|---|---|
| 1 | 0–1 | 90కి మించి | లేదు లేక స్వల్పం | మంచిది |
| 2 | 1–3 | 45–90 | స్వల్పం | ఒక మోస్తరు మంచిది |
| 3 | 3–5 | 22.5–45 | మధ్యస్థం | అసంపూర్ణం |
| 4 | 5–10 | 7.5–22.5 | తీవ్రం | హీనం |
| 6 | 10–25 | 7.5 లోపు | అతి తీవ్రం, గండ్లు | – |

ఐదవ తరగతి ఈ వరుసలో ఇమడదు. అది చదునుగానే ఉండి, కోత భయం లేకున్నా, రాళ్ళు నిండి ఉండడం వల్లనో ఎడతెగని ముంపు వల్లనో దున్నడానికి వీలుకాని భూమి. వాలు 25 శాతం దాటితే ఏడవ తరగతి. కేవలం బండరాయి, ఇసుక మేటలు, నిట్టనిలువు కొండవాలు ఎనిమిదవ తరగతిలోనికి వస్తాయి.

లోతు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. మన నేల సర్వేలలో చాలాకాలంగా వాడుతున్న సమూహాల ప్రకారం 22.5–45 సెం.మీ. నేలను "మధ్యస్థ లోతు" అని, 45–90 సెం.మీ. నేలను "లోతైనది" అని అంటారు. జాతీయ నేల సర్వే, భూ వినియోగ ప్రణాళికా సంస్థ నివేదికలలో 25–50 సెం.మీ. నేల "తక్కువ లోతు" గలది. ఆ నివేదికలలో "లోతైనది" అనిపించుకోవాలంటే నేల 100 సెం.మీ. దాటాలి. కాబట్టి 30 సెం.మీ. నేల ఒక నివేదికలో మధ్యస్థ లోతు గలదిగా, మరొక దానిలో తక్కువ లోతు గలదిగా కనిపిస్తుంది. పాత నివేదికల నుండి మాటలను గాక సెంటీమీటర్లను మాత్రమే ఎత్తి వ్రాసుకోవాలి.

జిల్లా నేలల పటం నుండి నేరుగా క్షేత్రపు తరగతిని చదవడం కూడ పొరపాటే. 1:50,000 పటంలో ఒక చదరపు సెంటీమీటరు 25 హెక్టార్లకు సమానం. మన ఎనిమిది హెక్టార్ల క్షేత్రం ఆ పటంలో చదరపు సెంటీమీటరులో మూడవ వంతు మాత్రమే ఆక్రమిస్తుంది. ఆ చిన్న చుక్కలో ఐదు రకాల భూములు ఉన్నాయన్న సంగతి పటానికి తెలియదు. దానిని ఏ నేలలను ఎదురుచూడవచ్చునో తెలుసుకోవడానికి మాత్రమే వాడుకోవాలి.

వాలును కొలవడం

వాలు అంటే నూరు మీటర్ల అడ్డదూరానికి నేల ఎన్ని మీటర్లు దిగుతున్నదో తెలిపే శాతం. ఎబ్నీ లెవెల్, డంపీ లెవెల్ అందుబాటులో లేకపోయినా, నీరు నింపిన పారదర్శక గొట్టం, రెండు కొలబద్దలతో తగినంత నిక్కచ్చిగా కొలవవచ్చు. మూడవ ఖండంలో 30 మీటర్ల దూరానికి 1.2 మీటర్ల దిగుడు కనిపించింది. అనగా వాలు 4 శాతం.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మొదటిది డిగ్రీలను శాతంగా వ్రాయడం. 4 శాతం వాలు కోణంలో 2.3 డిగ్రీలే. చేతి పరికరం చూపిన 2.3ను శాతంగా నమోదు చేస్తే మూడవ తరగతి భూమి కాగితం మీద రెండవ తరగతికి ఎక్కుతుంది, గట్ల మధ్య దూరం కూడ తప్పుగా లెక్కకు వస్తుంది. రెండవది పొలం గట్టు వెంబడి వాలును కొలవడం. గట్లు రైతుల వాటాల ప్రకారం ఏర్పడినవి. నీరు వాటిని అనుసరించి పారదు. రెండవ ఖండంలో గట్టు వెంట కొలిచినప్పుడు 3 శాతం వచ్చిన చోటనే, నీరు నిజంగా పారే ఏటవాలు దిశలో కొలిస్తే 7 శాతం వచ్చింది. పరికరాన్ని అమర్చేముందు కిందటి వాన చేసిన సన్నని చాళ్ళను వెదకితే సరైన దిశ తెలుస్తుంది.

లోతును నిర్ధారించడం

నేల లోతు అంటే వేరు స్వేచ్ఛగా దిగగలిగిన లోతు. చల్కా నేలల్లో దీని అడుగు హద్దు ఎప్పుడూ గట్టి బండ కానక్కరలేదు. సగం కుళ్ళిన నైస్ శిల, గట్టిపడిన మొరం పొర కూడ వేరును ఆపుతాయి. మొరం పగుళ్ళలోనికి కొన్ని వేళ్ళు దిగినంత మాత్రాన ఆ పొరను నేల లోతులో కలపరాదు. గడ్డపారతో పొడిచినప్పుడు పెళ్ళలుగా ఊడివచ్చి, పెళ్ళల లోపల వేళ్ళు లేకుండా పగుళ్ళ వెంట మాత్రమే కనిపిస్తే అక్కడితో లోతు ముగిసినట్లే.

ఆగర్‌ను ఒక్కచోట దింపి ఆగిన లోతును వ్రాయడం సరికాదు. చల్కాలో ఒక గులకరాయి తగిలినా ఆగర్ ఆగిపోతుంది. రెండవ ఖండంలో ఒకటి రెండు మీటర్ల ఎడంతో మూడు చోట్ల దింపినప్పుడు 15, 32, 29 సెం.మీ. వద్ద ఆగింది. మొదటి అంకె రాయి వల్ల వచ్చినదని పక్కనే తీసిన గుంత నిర్ధారించింది. ఆ గుంతలో 30 సెం.మీ. వద్ద గట్టి మొరం కనిపించింది. ప్రతి ఖండానికి కనీసం ఒక గుంత తీయాలన్న నియమం ఇందుకే. ఆగర్ హద్దు ఎక్కడ ఉన్నదో తెలుపుతుంది, హద్దు ఏమిటో గుంతలోనే తెలుస్తుంది.

ఈ అంకె ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఇసుక గరప నేల మీటరు లోతుకు సుమారు 100 మి.మీ. లభ్యజలాన్ని నిలుపుకొంటుందని అనుకొందాము. 75 సెం.మీ. నేల 75 మి.మీ. నిలుపుతుంది. 30 సెం.మీ. నేల 30 మి.మీ. నిలపాలి గాని, అందులో గులకలు 30 శాతం ఉంటే నిలిచేది 21 మి.మీ. మాత్రమే. పైరు రోజుకు 5 మి.మీ. వాడుకొంటే మొదటి నేల పదిహేను రోజుల బెట్టను తట్టుకొంటుంది. రెండవది నాలుగైదు రోజులలో ఖాళీ అవుతుంది. ఖరీఫ్‌లో రెండు వారాల వర్షవిరామం అరుదేమీ కాదు కనుక, ఈ రెండు నేలలలో ఒకే పైరు వేయడం ఒకే నిర్ణయం అనిపించుకోదు.

కోతను అంచనా వేయడం

నాలుగు లక్షణాలలో ఎక్కువ పొరపాట్లకు తావిచ్చేది ఇదే. మిగిలిన మూడింటినీ ఉన్నదానిని చూసి కొలుస్తాము. కోతను మాత్రం లేనిదానిని ఊహించి కొలవాలి. పై పొరలో నాలుగవ వంతు లోపు పోతే స్వల్పం, నాలుగవ వంతు నుండి మూడు వంతుల వరకు పోతే మధ్యస్థం, అంతకు మించి పోయి అడుగు పొర నాగలికి తగులుతుంటే తీవ్రం. పటంపై వీటిని e1, e2, e3 గుర్తులతో, గండ్లు పడిన భూమిని e4తో చూపుతారు.

ఎంత పోయిందో చెప్పాలంటే మొదట ఎంత ఉండేదో తెలియాలి. అందుకు దున్నని చోటు కావాలి. పాత కంచె మొదలు, గుడి ఆవరణ, శ్మశానం, పెద్ద చింతచెట్టు పాదు ఇందుకు పనికివస్తాయి. అయితే ఆ చోటు పరిశీలిస్తున్న ఖండం ఉన్న వాలులోనే, అదే ఎత్తులో ఉండాలి. కుంట పక్కన కొట్టుకువచ్చి చేరిన మట్టిని ప్రమాణంగా తీసుకొంటే పై భూములన్నీ ఘోరంగా కోసుకుపోయినట్లు కనిపిస్తాయి. అదే విధంగా గట్టుకు ఎగువన పేరుకొన్న ఒండ్రులో గుంత తీస్తే కోతే లేనట్లు కనిపిస్తుంది. గట్టుకు, గట్టుకు నడుమ మధ్యభాగంలోనే గుంత తీయాలి.

మూడవ ఖండంలో చింతచెట్టు కింద పై పొర మందం 20 సెం.మీ. ఉన్నది. పొలంలో 8 సెం.మీ. మిగిలింది. పోయినది 12 సెం.మీ., అనగా 60 శాతం. ఇది మధ్యస్థ కోత. రెండవ ఖండంలో పాత కంచె కింద 16 సెం.మీ. గోధుమ రంగు ఇసుక గరప ఉండగా, పొలంలో నాగటి చాలులోనే ఎర్రని బంకమట్టి, గులకలు పైకి వస్తున్నాయి. పై పొర పూర్తిగా పోయింది కాబట్టి తీవ్ర కోత. యజమానికి ఆ భూమి "ఎర్రగా, నిగనిగలాడుతూ" కనిపించడానికి కారణం ఈ బంకమట్టే. ఆ రంగు పై పొర పోయిందనడానికి గుర్తు. దానిని సారానికి గుర్తుగా భావించరాదు.

మురుగు పారుదలను గుర్తించడం

కుంట పక్కనున్న ఐదవ ఖండంలో వాలు 0.5 శాతం, లోతు మీటరుకు పైగా, కోత లేదు. మే నెలలో చూసినవారు మొదటి తరగతి అని నిస్సందేహంగా వ్రాస్తారు. గుంత మీటరు వరకు పొడిగానే ఉన్నది. కాని 40 సెం.మీ. దిగువన మట్టి రంగు బూడిదకు తిరిగి, పాత వేళ్ళ రంధ్రాల చుట్టూ తుప్పు రంగు మచ్చలు కనిపించాయి. సెప్టెంబరులో అదే గుంతలో నీరు 45 సెం.మీ. వరకు ఎక్కి నిలిచింది.

నేల నీటితో నిండి గాలి అందనప్పుడు అందులోని ఇనుము క్షయకరణం చెంది కరుగుతుంది, మట్టి బూడిద రంగుకు మారుతుంది. నీరు దిగినప్పుడు వేళ్ళ రంధ్రాల ద్వారా గాలి చేరిన చోట ఆ ఇనుము తిరిగి తుప్పుగా పేరుకొంటుంది. కాబట్టి వేసవిలో నీరు లేకపోయినా, నీరు ఎంత ఎత్తు వరకు నిలుస్తుందో ఆ మచ్చలు చెబుతాయి. అయితే ఎర్ర నేలల్లో ప్రతి మచ్చా దీనికి సాక్ష్యం కాదు. కుళ్ళుతున్న నైస్ శిలలోని ఖనిజాల వల్ల కూడ పసుపు, ఎరుపు చారలు కనిపిస్తాయి. అవి శిల పొరల వరుసను అనుసరిస్తాయి, మట్టి మొత్తం బూడిద రంగుకు మారదు. నీటి వల్ల వచ్చిన మచ్చలు వేళ్ళ రంధ్రాలను, పగుళ్ళను అనుసరిస్తాయి. ఈ తేడాను గమనించిన తరువాత ఐదవ ఖండపు మురుగు పారుదల అసంపూర్ణమని నిర్ణయించడమైనది.

తరువాతి ప్రశ్న, ఈ లోపాన్ని తొలగించగలమా అన్నది. తొలగించడం ఆచరణ సాధ్యమైతే, తొలగించిన తరువాత మిగిలే పరిమితిని బట్టి తరగతిని నిర్ణయించాలన్నది ఈ పద్ధతిలోని సూత్రం. కాని మురుగు కాలువ తవ్వాలంటే నీరు చేరడానికి దిగువన చోటుండాలి. ఇక్కడ కుంట నిండినప్పటి నీటిమట్టం ఖండంలోని నీటిమట్టానికి దాదాపు సమానంగా ఉన్నది. పక్కనున్న వాగు అడుగు పొలం కంటె 30 సెం.మీ. మాత్రమే పల్లం. అందువల్ల కాలువ తవ్వినా వేరుమండలం ఆరదు. ఇది కొనసాగే పరిమితి.

తరగతిని నిర్ణయించడం

కొలతలు పూర్తయిన తరువాత అనుసరించవలసిన సూత్రం ఒక్కటే. ప్రతి లక్షణం ఏ తరగతిని సూచిస్తుందో విడివిడిగా చూసి, వాటిలో అన్నిటికంటె హీనమైనదే ఖండపు తరగతిగా నిర్ణయించాలి. సగటు తీయరాదు. ఐదవ ఖండానికి సగటు తీస్తే 1, 1, 1, 3 కలిసి "ఒకటిన్నర" వస్తుంది. అయితే పత్తి వేరుకు సగటు నీటిమట్టంతో పని లేదు. 45 సెం.మీ. వద్ద నీరు తగిలితే లోతు ఎంత ఉన్నా అది అక్కడితో ఆగిపోతుంది.

| ఖండం, విస్తీర్ణం | వాలు | లోతు | కోత | మురుగు | తరగతి |
|---|---|---|---|---|---|
| 1. గుట్ట పాదం, 3 ఎ. | 18% → 6 | 12 సెం.మీ. → 4 | తీవ్రం → 4 | మంచిది → 1 | VIes |
| 2. ఎగువ చల్కా, 5 ఎ. | 7% → 4 | 30 సెం.మీ. → 3 | తీవ్రం → 4 | మంచిది → 1 | IVes |
| 3. నడిమి చల్కా, 5 ఎ. | 4% → 3 | 55 సెం.మీ. → 2 | మధ్యస్థం → 3 | మంచిది → 1 | IIIe |
| 4. దిగువ చల్కా, 4 ఎ. | 2% → 2 | 75 సెం.మీ. → 2 | స్వల్పం → 2 | మంచిది → 1 | IIes |
| 5. కుంట పక్క, 3 ఎ. | 0.5% → 1 | 100కి పైగా → 1 | లేదు → 1 | అసంపూర్ణం → 3 | IIIw |

తరగతి సంఖ్య తరువాత వచ్చే అక్షరం ఉపతరగతిని తెలుపుతుంది. కోత లేక కోత ప్రమాదం ప్రధాన పరిమితి అయితే e, వేరుమండలపు లోపమైతే s, నీటి నిల్వ అయితే w, వాతావరణమైతే c వ్రాస్తారు. మొదటి రెండు ఖండాలలో లోతు ఒక్కటే తీసుకొంటే తరగతి ఇంత దిగదు. మొదటి ఖండంలో బయటపడిన బండరాళ్ళు, రెండవ దానిలో 30 శాతం గులకలు వేరుమండలాన్ని మరింత కుదిస్తున్నందున s గుర్తును చేర్చడమైనది. మూడు, ఐదు ఖండాలు రెండూ మూడవ తరగతివే అయినా వాటికి చేయవలసిన పనులు ఒకటి కావు. ఒకచోట నీటిని ఆపి ఇంకించాలి, మరొకచోట నిలిచే నీటితో సరిపెట్టుకోవాలి. కాబట్టి ఉపతరగతి లేకుండా తరగతి సంఖ్యను మాత్రమే రైతుకు చెప్పడం వల్ల ప్రయోజనం లేదు.

ఇందులో లెక్కకు తీసుకోనివి కూడ గుర్తుంచుకోవాలి. నత్రజని, భాస్వరం తక్కువగా ఉండడం తరగతిని తగ్గించదు, ఎందుకంటే ఆ లోపం ఎరువుతో తీరుతుంది. రైతు నైపుణ్యం, మార్కెట్టు దూరం, ఈ ఏడు పైరు బాగుండడం కూడ తరగతిని మార్చవు. గట్టు వేసినంత మాత్రాన భూమి పై తరగతికి ఎక్కదు. వాలు శాశ్వతంగా మారేటట్లు మెట్లు కట్టినప్పుడే తిరిగి వర్గీకరించాలి.

తరగతి నుండి వినియోగానికి

మొదటి ఖండాన్ని దున్నరాదు. పశువులను కొంతకాలం రానీయక, వాలుకు అడ్డంగా ఎడమెడంగా కందకాలు తీసి, అంజన్ గడ్డి, స్టైలో చల్లి, బండల నడుమ సీతాఫలం మొక్కలను నిలుపుకోవచ్చు. ఈ ఖండం నుండి దిగే నీరే రెండవ ఖండాన్ని కోస్తున్నది కాబట్టి, ఇక్కడి పని దిగువ భూమికి కూడ రక్షణ అవుతుంది.

రెండవ ఖండం మామిడికి తగదు. మొదటి రెండు మూడేళ్ళు పాదులో పోసిన మట్టిలో, పోసిన నీటితో మొక్క బాగానే ఎదుగుతుంది. ఆ తరువాత వేరు మొరాన్ని తాకిన నాటి నుండి ఎదుగుదల మందగించి, వేసవిలో కొమ్మలు ఎండడం మొదలవుతుంది. లోపం బయటపడేసరికి పెట్టుబడి అంతా పెట్టి ఉంటాము. నాలుగవ తరగతి భూమిని పూర్తిగా సాగు నుండి తప్పించనవసరం లేదు. ఎక్కువ కాలం గడ్డి, స్టైలో కింద ఉంచి, మూడు నాలుగేళ్ళకొకసారి ఉలవ వంటి పైరు వేయవచ్చు. తోటే కావాలంటే బెట్టను తట్టుకొనే సీతాఫలం, రేగు, ఉసిరిని పరిశీలించాలి. ఏటా దున్నితే ఏమవుతుందో లెక్క వేయవచ్చు. ఒక హెక్టారుపై ఒక మిల్లీమీటరు మట్టి సుమారు 15 టన్నులు తూగుతుంది. ఏటా హెక్టారుకు 40 టన్నులు పోతున్నదనుకొంటే 2.7 మి.మీ. తరుగుతుంది. ఆ వేగంతో 30 సెం.మీ. నేల 22.5 సెం.మీ.కు దిగడానికి 28 ఏళ్ళు చాలు. అనగా తండ్రి చేతిలోని మధ్యస్థ లోతు నేల కొడుకు చేతికి వచ్చేసరికి లోతు రీత్యా కూడ నాలుగవ తరగతికి చేరుతుంది.

మూడవ ఖండంలో జొన్న, కంది అంతర పంటలు, ఆముదం వేయవచ్చు, కాని సమతల గట్లు తప్పనిసరి. గట్ల మధ్య నిలువు అంతరానికి రామ్సర్ సూత్రం ఇది. ఇందులో S వాలు శాతం, VI మీటర్లలో వచ్చే నిలువు అంతరం.

VI = 0.3 (S/3 + 2)

వాలు 4 శాతానికి నిలువు అంతరం 1 మీటరు, దాని నుండి గట్ల మధ్య అడ్డదూరం 25 మీటర్లు వస్తుంది. ముందు చెప్పిన విధంగా 2.3ను శాతంగా వ్రాసి ఉంటే అడ్డదూరం 36 మీటర్లు వచ్చేది. అంత ఎడంగా వేసిన గట్టు పెద్ద వానకు తెగుతుంది. తెగిన గట్టు నుండి ఒక్కసారిగా దూకే నీరు గట్టు లేనప్పటికంటె ఎక్కువ కోస్తుంది. అదనపు నీరు పోవడానికి ప్రతి గట్టుకు రాతి మత్తడి ఉండాలి.

నాలుగవ ఖండం ఈ క్షేత్రంలో ఉత్తమమైన మెట్ట భూమి. 2 శాతం వాలుకు గట్ల మధ్య 40 మీటర్ల దూరం చాలు. వాలుకు అడ్డంగా దున్ని, అడ్డంగా విత్తితే ఏటా పైరు తీయవచ్చు. యజమాని పత్తి వేయదలచుకొంటే అది ఇక్కడ వేయవచ్చు. మామిడికి 75 సెం.మీ. లోతు కూడ గొప్పది కాదు. దిగువ మొరం ఎంత మెత్తగా ఉన్నదో తోట వేయదలచిన ప్రతిచోటా గుంత తీసి చూసిన తరువాతే నిర్ణయించాలి.

ఐదవ ఖండంలో వరినే కొనసాగించాలి. పత్తికి హానిచేసే నీటిమట్టం వరికి అనుకూలం. ఇక్కడ ఈ వర్గీకరణ హద్దు కూడ స్పష్టమవుతుంది. భూసామర్థ్య తరగతులు సాధారణ మెట్ట పైర్ల సాగులో భూమికి కలిగే హానిని, సాగుకు ఎదురయ్యే అడ్డంకులను కొలుస్తాయి. దిగుబడిని గాని ఆదాయాన్ని గాని అవి కొలవవు. నీరు అందిన ఏడు ఈ మూడవ తరగతి మూడెకరాలు, రెండవ తరగతి నాలుగెకరాల కంటె ఎక్కువ రాబడి ఇవ్వవచ్చు. ఒక నిర్దిష్ట పైరుకు ఒక నేల ఎంత అనువైనదో తెలుసుకోవాలంటే ఆ పైరు అవసరాలను బట్టి చేసే అనుకూలతా మదింపు వేరుగా చేయాలి. సామర్థ్య తరగతి దానికి ముందు వేసే అడుగు.

పొలంలో గీత గీసేటప్పుడు

రెండు, మూడు ఖండాల హద్దు ఒకే పొలం మధ్యగా పోతున్నది. రైతు దున్నేది పొలాన్ని, మనం వర్గీకరించేది నేలను. ఇటువంటప్పుడు గీతను పొలం గట్టుకు జరపాలన్న ఒత్తిడి కలుగుతుంది. గట్టు వెంట గీసిన పటం రైతుకు సౌకర్యమే గాని, దానిలో నాలుగవ తరగతి భూమి కొంత మూడవ తరగతిగా చలామణి అవుతుంది. ఇక్కడ పాటించదగిన పద్ధతి, నేల హద్దును ఉన్నచోటనే గీసి, ఆ హద్దు మీదుగానే మొదటి సమతల గట్టును వేయించడం. మరుసటి ఏటి నుండి రైతు దున్నే హద్దు, నేల మారే హద్దు ఒకటవుతాయి. గట్టుకు పైన స్టైలో, కింద కంది కనిపిస్తే పటం పొలంలోనికి దిగినట్లే.

చివరిగా, తరగతులు శాశ్వత ముద్రలు కావు. మూడవ ఖండంలో మిగిలిన 8 సెం.మీ. పై పొర 5 సెం.మీ.కు దిగిన నాడు కోత 75 శాతానికి చేరుతుంది, మరికొంత తరిగితే ఆ ఐదెకరాలు నాలుగవ తరగతికి జారిపోతాయి. ఆ మూడు సెంటీమీటర్లు నిలుస్తున్నాయా, పోతున్నాయా అన్నది తెలియాలంటే గట్ల నడుమ ఒక ఇనుప కడ్డీని నేలమట్టానికి గుర్తుపెట్టి పాతి, ఏటా వానాకాలం తరువాత దున్నకముందు కొలిచి వ్రాసుకోవాలి. తిరిగి సర్వే ఎప్పుడు చేయాలో ఆ కొలతల వరుసే తెలుపుతుంది.